ఓదార్చడం రాని ఊళ్ళో నెరిడా

మా గార్నెట్ బేలో ఎవరికైనా కష్టం వస్తే మేం చేసే మొదటి పని వంట. రెండోది జోకు. మూడోది, ఆ మనిషి గదిలోంచి బయటికెళ్ళగానే ఆమె ఏం చేసి ఉంటే బాగుండేదో మాలో మేం తీర్పు చెప్పుకోవడం. పక్కన కూర్చుని వినడం మాత్రం మాకు చేతకాదు. మేం చెడ్డవాళ్ళమని కాదు, నోరు ఊరికే ఉంటే మాకు భయం. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలోనే చదివి, ఆ భయం అంటకుండా పెరిగింది నెరిడా ఒక్కతే.

నెరిడా నేను పనిచేసే ఆల్చిప్పల షెడ్డులో మేస్త్రీ. మగాళ్ళు పోటు తగ్గినప్పుడు పడవలేసుకుని వెళ్ళి సముద్రంలో తీగలకి వేలాడే బుట్టల్లో పెంచిన తినే ఆల్చిప్పలు తెస్తారు. వాటిని కడిగి, చిన్నవి, పెద్దవి వేరుచేసి, అంటుకున్న వాటిని ఇనప బద్దతో విడగొట్టి, డజన్ల లెక్కన సంచులకెత్తడం మా ఆడవాళ్ళ పని. నెరిడా రెండు చిప్పలు తీసుకుని ఒకదానికొకటి తాటిస్తుంది. బోలుగా మోగితే లోపలిది చచ్చిందని పక్కన పారేస్తుంది. మనిషి పొడుగు, భుజాలు మగాడివి, జుట్టు అద్దం చూడకుండా తనే కత్తిరించుకుంటుంది. అది చూస్తేనే తెలుస్తుంది. ఆ సంగతి నేను ఆమె మొహమ్మీదే చాలాసార్లు అన్నాను.

ఆమె మొగుడు ట్రెవర్ చాలా ఏళ్ళ కిందట నీళ్ళ ట్యాంకులు అమ్ముకునే ఒకామెతో వెళ్ళిపోయాడు. అప్పుడు ఊరంతా ట్రేలకి ట్రేలు లసాన్యా వండి మోసుకొచ్చింది. పెట్టడానికి చోటు చాలక నెరిడా ఇంకో ఫ్రీజరు కొనుక్కుంది. తెచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే నిలబడి "ధైర్యంగా ఉండు" అని చెప్పి, బండి ఇంజన్ ఆపకుండానే వెళ్ళిపోయారు. "ఒక్కళ్ళు కూడా కూర్చోలేదు మెర్ల్. కుర్చీలు చూపించాను కూడా," అని నాతో ఓసారి అంది. ఏడుస్తూ కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ ఫ్రీజర్లో ఇప్పుడు చేపల ఎర దాచుకుంటుంది.

ఇక కిరిలీ. నెరిడా తమ్ముడు కోరీ, క్వీన్స్‌లాండ్ పనికెళ్ళి వస్తూ వెంట తీసుకొచ్చిన పిల్ల. పెళ్ళి లేదు గానీ కాపురం ఉంది, కుక్క ఉంది, పెరట్లో నిమ్మచెట్టు ఉంది. మా దగ్గర అంతకంటే ఎవరూ అడగరు. కిరిలీ వచ్చిన ఏడాదే షెడ్డులో చేరి నెరిడా పక్కన నిలబడింది. ఇద్దరూ పనిచేస్తుంటే కబుర్లకి అంతుండేది కాదు. నెరిడాకి అక్కచెల్లెళ్ళు లేరు. మరదలు వచ్చిందని ఎవరైనా అంటే, "చెల్లెలొచ్చిందను," అని దిద్దేది.

ఈ శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం కోరీ, "నాలో ఇంక ఏం మిగల్లేదు కిరీ," అని చెప్పి సంచి సర్దుకుని స్నేహితుడి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇంకో అమ్మాయి లేదు, కొట్లాట లేదు, తాగుడు లేదు. తిట్టుకోవడానికి ఓ కారణం కూడా ఇవ్వకుండా పోయాడు మహానుభావుడు. కిరిలీకి ఈ ఊళ్ళో సొంతమనిషి అంటూ లేదు. అమ్మా అన్నా దేశానికి ఆ చివర ఉన్నారు. కోరీ లేకపోతే ఆమె ఇక్కడెందుకుంటుంది? ఆ ప్రశ్న అందరికంటే ముందు నెరిడాకి తట్టింది. కిరిలీ వెళ్ళిపోకూడదని ఆమె ప్రాణం కొట్టుకుంది. కిరిలీతో మాత్రం ఆ మాట ఒక్కసారీ అనలేదు.

మర్నాడు కిరిలీ పనికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. మా బల్ల దగ్గరే పనిచేసే షరీన్ చూస్తూ ఊరుకుంటుందా?

"పోతే పోయాడు లేవే! వాడు నీకు తగినవాడే కాదు. నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా కదా."

"అలా అనకు షరీన్. వాడు మంచివాడే," అంది కిరిలీ. అని, వాడు తనకి జ్వరమొస్తే ఎంత బాగా చూసుకున్నాడో చెప్పడం మొదలుపెట్టింది. వదిలేసిపోయిన వాడి తరఫున తనే వాదించాల్సి వచ్చింది పాపం. సగంలో ఆపి ఇంకో చిప్ప అందుకుంది.

"పిల్లల్లేరు, అది నయం," అని అటునుంచి ఇంకొకావిడ అంది. కిరిలీ చేతిలోని చిప్ప జారి నీళ్ళల్లో పడింది. పిల్లలు కావాలని ఆమెకెంత ఉండేదో నెరిడాకి తెలుసు, నాకూ కొంత తెలుసు. అంటే ఆ "నయం" అన్న మాట సూటిగా ఎక్కడ దిగకూడదో అక్కడే దిగింది.

షరీన్ మళ్ళీ నోరు తెరిచింది. "నీకేం తక్కువ? నీ వయసుకి ఇట్టే ఇంకొకడు..."

నెరిడా చేతిలో చిప్ప కింద పెట్టింది. నడిచివెళ్ళి చిప్పల్ని దొర్లించి నునుపు చేసే పెద్ద పీపా యంత్రం స్విచ్చి వేసింది. అది తిరిగితే పక్కమనిషి అరిచినా వినపడదు. ఆ పూట దొర్లించాల్సిన సరుకే లేదు. ఖాళీ పీపా గడగడలాడుతూ తిరుగుతూనే ఉంది. షరీన్ నోరు కదులుతోంది, మాట రావడం లేదు. నాకు నవ్వాగలేదు. కిరిలీ ఆ చప్పుడులో వంగి, ఎవరికీ వినపడకుండా తనివితీరా ఏడ్చింది. నెరిడా ఆమె పక్కకొచ్చి చిప్పలు విడగొడుతూ నిలబడింది.

తర్వాత యంత్రం ఆగింది. కిరిలీ తనంతట తనే మొదలుపెట్టింది. బల్ల దగ్గర ఉన్న సుఖం ఏమిటంటే, చేతులకి పని ఉంటుంది, కళ్ళు చిప్పల మీదుంటాయి, ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు. కిరిలీ, "శనివారం కూడా నాతో నవ్వుతూనే ఉన్నాడు," అంటే, నెరిడా "నవ్వుతూనే ఉన్నాడా" అని ఊరుకునేది. కిరిలీ ఆగితే తనూ ఆగేది. ఆ ఖాళీలో నేనైతే నాలుగు సలహాలూ రెండు సామెతలూ దూర్చేదాన్ని. నెరిడా ఇంకో చిప్ప తీసుకునేది. కాసేపటికి కిరిలీ అసలు మాట చెప్పేది. అసలు మాట ఎప్పుడూ ఆ ఖాళీ తర్వాతే వచ్చేది. "నేనూ నీలాగే పడ్డాను, నా ట్రెవర్ అయితే..." అని నెరిడా ఒక్కసారి కూడా తన కథ ఎత్తుకోలేదు. కిరిలీయే ఓ రోజు "నీకెలా ఉండేది అప్పుడు?" అని అడిగితే రెండు ముక్కల్లో చెప్పి, మళ్ళీ కిరిలీ మాటలోకే వచ్చేసింది.

ఆ మొదటి రోజే టీ బ్రేకులో నేను నెరిడాని పట్టుకున్నాను. "మీ తమ్ముణ్ణి నాలుగు తిట్టొచ్చుగా? ఆ పిల్లకి కాస్త చల్లగా ఉంటుంది."

"తిడితే ఆమెకి రెండు పనులవుతాయి మెర్ల్. ఒకపక్క వాడి మీద కోపం, ఇంకోపక్క వాడి తరఫున వకాల్తా. ఇందాక చూశావుగా."

"మరీ అంత లెక్కలేంటి?"

"రేపు వాళ్ళు మళ్ళీ కలిశారనుకో, నా మొహం చూడలేదు. కలవలేదనుకో, అలాంటివాణ్ణా ప్రేమించానని తన మీద తనే సిగ్గుపడుతుంది. పైగా వాడు నా తమ్ముడు. వాణ్ణి తిట్టి ఆమెని కొనుక్కోవడం నాకిష్టం లేదు."

ఆ కోరీ కూడా ఒకరోజు షెడ్డు వెనకాలకొచ్చాడు. నేను సంచులు కుడుతూ అక్కడే ఉన్నాను. నన్ను లెక్కచెయ్యలేదు.

"కిరిలీ ఎలా ఉందక్కా?"

"ఆమె సంగతి ఆమెనడుగు. అడిగే మొహం లేదనిపిస్తే అడక్కు. నీ సంగతి చెప్పు, తింటున్నావా?"

"ఏదో తింటున్నా. నా తప్పేం లేదని చెప్పవా ఆమెకి?"

"నేను పోస్టు మేన్‌ని కాను రా. ఇటు మాట అటు మొయ్యను, అటు మాట ఇటు మొయ్యను. ఆకలేస్తే ఇంటికి రా, గురువారాలు తప్ప. గురువారం ఆమె వస్తుంది."

వాడు తలూపి వెళ్ళిపోయాడు. వాడు వచ్చిన సంగతి కూడా నెరిడా కిరిలీకి చెప్పలేదు. మేం అయితే చెప్పేవాళ్ళమే. వాడు చిక్కిపోయాడనో, బలిశాడనో, సూపర్‌మార్కెట్లో ఏ అమ్మాయితో నవ్వాడనో. ఊరంతా మంచి చేస్తున్నామనుకుంటూ ఆ పిల్లకి అవే వార్తలు మోసేవాళ్ళం. వాటితో ఆమె సాయంత్రమంతా ఏం చేసుకుంటుందో మాకు తట్టేది కాదు.

అందరూ "ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి" అన్నారు. లేవడానికి ఓపిక లేని మనిషి ఏం కావాలో ఆలోచించి, నంబరు వెతికి ఫోన్ చేస్తుందా? నెరిడా, "బుధవారం చెత్త డబ్బా నేను వీధిలో పెడతాను. వచ్చేప్పుడు రొట్టె తెస్తాను," అనేది, తెచ్చేది. గుమ్మంలో పెట్టి పోకుండా కూర్చుని తనూ తినేది. ఒకరు తింటుంటే ఎదురుగా ఉన్నవాళ్ళకి నాలుగు ముద్దలు దిగుతాయి. ఒకనాడు కిరిలీ ముందున్న కంచం తోసేసి, "పొద్దున లేవకపోతే బావుణ్ణనిపిస్తోంది," అందట. నెరిడా ఆ మాట దాటెయ్యలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. నేనైతే ఆ మాట నోట పలకడానికే జడిసేదాన్ని. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని. పుట్టదట, నెరిడాయే చెప్పింది. అడగకపోతే ఉన్న ఆలోచనతో మనిషి ఒంటరైపోతుందట. కిరిలీ చాలాసేపు ఆలోచించి, "లేదు. అలసిపోయాను, అంతే. నిద్రలేదు," అంది. మర్నాడే నెరిడా ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బయట బెంచీ మీద కూర్చుంది.

కొన్నాళ్ళకి కిరిలీ మాటలు మారాయి. మొదట్లో ఒక్కో రోజు ఒక్కో సంగతి బయటికొచ్చేది. ఇప్పుడు ఒకటే మాట చుట్టూ తిరగడం పట్టుకుంది. "నేనేం తప్పు చేశాను? ఏం చేసుంటే ఉండేవాడు?" పొద్దున అదే, సాయంత్రం అదే. చేతిలో ఫోను, అందులో కోరీ పెట్టిన ఫొటోలు. చెప్పుకుంటే బరువు దిగాలి కదా, ఈ చెప్పుకోవడంతో బరువు ఎక్కుతోంది. షెడ్డులో అందరికీ విసుగొచ్చింది. నెరిడాకి విసుగు రాలేదుగానీ తేడా కనిపెట్టింది.

"కిరీ, ఇవాళ వినమంటావా, ఎక్కడికైనా పోదామంటావా?" అని అడిగింది.

"తెలీదు."

"సరే. నేను ఆదివారం జెట్టీ మీద స్క్విడ్ పట్టడానికి పోతున్నా. బకెట్టు పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. మెర్ల్ వస్తుందిగానీ దానికి నడుం నొప్పి. వస్తానన్నా సరే, రానన్నా సరే. వచ్చి మధ్యలో పోతానన్నా సరే."

"మాట్లాడాలా అక్కడ?"

"మాట్లాడితే స్క్విడ్ పారిపోతుంది."

అది అబద్ధం. స్క్విడ్‌కి మన మాటలతో పనిలేదు. పట్టుకుంటే సిరా చిమ్మే మెత్తటి సముద్రపు జీవి అది.

జెట్టీ మీద పొద్దు వాలేముందు ముగ్గురం నిలబడ్డాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఫోను తన జేబులో పెట్టుకోమంటావా అని నెరిడా అడిగింది. లాక్కోలేదు, అడిగింది. కిరిలీ ఇచ్చింది. రెండుసార్లు తిరిగి అడిగింది, రెండుసార్లూ నెరిడా మారు మాట్లాడకుండా ఇచ్చింది. మూడోసారి అడగలేదు. అప్పుడే నా గాలానికి ఒక పెద్దది పడింది. నేను ఆర్భాటంగా పైకి లాగాను. అది నా కోటు మీద, మెడ మీద, నోట్లో కూడా సిరా చిమ్మింది. నల్లటి పళ్ళతో నేను బూతులు తిడుతుంటే కిరిలీ బకెట్టు వదిలేసి కింద కూర్చుని నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. చూసి చాలా రోజులైంది ఆ నవ్వు.

ఉన్నట్టుండి ఆ నవ్వు ఏడుపైపోయింది. "వాడు లేకుండా నవ్వేశాను," అంది.

"చూశావా, తేరుకుంటున్నావు!" అనబోయాను. నెరిడా బూటుతో నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. తర్వాత సిరాతో తడిసిన నా మీద తన కోటు కప్పి, కిరిలీ పక్కన చతికిలబడి, "అవును, నవ్వావు," అంది. అంతే. కాసేపయ్యాక కిరిలీ ముక్కు తుడుచుకుని గాలం అందుకుంది.

అలా రెండు మూడు ఆదివారాలు గడిచాయి. కిరిలీకి ముద్ద దిగుతోంది, నిద్ర పడుతోంది. నిమ్మచెట్టుకి ఎరువు వేసింది. నెరిడా మొహంలో ఆశ కనపడసాగింది. ఆశ పుడితే మనిషికి తొందర కూడా పుడుతుంది. నెరిడాకీ పుట్టింది.

మా ఊళ్ళో శనివారాలు ఒకే మైదానంలో మగాళ్ళు ఫుట్‌బాలూ ఆడవాళ్ళు నెట్‌బాలూ ఆడతారు. కిరిలీ నెట్‌బాల్ మానేసింది, ఎందుకంటే అవతలే ఫుట్‌బాల్లో కోరీ ఫుల్‌బ్యాక్, అంటే గోలు ముందు కాపలా కాసేవాడు. ఆటయ్యాక క్లబ్బులో జరిమానాల ఆట ఉంటుంది. ముర్రే అని మా లారీ డ్రైవరు బల్లెక్కి, ఆ వారం ఎవరు ఏం వెధవపని చేశారో చదువుతాడు. ఒకడు పడవ బిరడా బిగించకుండా సముద్రంలోకి తోశాడు, ఒకావిడ వేరేవాళ్ళ బండెక్కి తాళంచెవి పట్టడం లేదని మెకానిక్‌ని పిలిచింది. రెండు డాలర్ల నాణెం జగ్గులో వెయ్యాలి, అందరూ పగలబడి నవ్వుతారు. మాకది పరువు తీయడం కాదు. నీ పేరు చదివారంటే నువ్వు మా మనిషివని. బడికి కొత్తగా వచ్చిన టీచరు పేరు రెండేళ్ళు చదవలేదు, ఆమె ఏడ్చినంత పనిచేసింది. కిరిలీకి మొదటి జరిమానా పడ్డ రోజు ఆమె ఆ నాణేనికి ముద్దుపెట్టి మరీ వేసింది.

ఆ శనివారం కోరీ మోకాలు చూపించుకోవడానికి అడిలైడ్ వెళ్ళాడని నెరిడా ముందే వాకబు చేసింది. క్లబ్బుకి వస్తావా అని కిరిలీని అడిగింది. కిరిలీ కాస్త తటపటాయించి సరేనంది. నెరిడా జాగ్రత్తకి జాగ్రత్త, ముర్రే దగ్గరికెళ్ళి కూడా చెప్పింది. "ఆ పిల్లని రోగిని చూసినట్టు చూడకండి. ఎప్పట్లాగే ఉండండి, మామూలుగా." అక్కడే తప్పటడుగు పడింది. మామూలుగా అంటే ముర్రేకి ఒకటే అర్థం.

ముర్రే బల్లెక్కాడు. నలుగురైదుగురివి చదివాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇక మన కిరిలీ! నాలుగు సీజన్లు ఫుల్‌బ్యాక్‌ని గట్టిగా పట్టుకుని, ఐదో సీజను మధ్యలో చేతుల్లోంచి జారవిడిచినందుకు, రెండు డాలర్లు!"

గదిలో సగం మంది నవ్వారు. మిగతా సగం నవ్వబోయి ఆగారు. ముర్రే మొహం ప్రేమతో వెలిగిపోతోంది. వాడు నిజంగా ఆమెని మాలో కలుపుకుంటున్నాననే అనుకున్నాడు, వెధవ. అందరికంటే గట్టిగా నవ్వింది కిరిలీయే. లేచి వెళ్ళి నాణెం వేసి వచ్చి, కోటు తొడుక్కుంది.

నెరిడా బండి నడుపుతోంది. నేను వెనక సీట్లో ఉన్నాను. కిరిలీ ముందు సీట్లో కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుని కూర్చుంది.

"ముర్రే ఉద్దేశం..." అని నెరిడా మొదలుపెట్టి, నోరు మూసుకుంది.

"వాడికి నువ్వేమైనా చెప్పావా?"

"చెప్పాను. ఎప్పట్లాగే ఉండమన్నాను."

"ఎందుకు?"

"నువ్వు మామూలుగా అయిపోవాలని."

"నేను మామూలుగా అయిపోతే ఇక్కడే ఉంటానని," అంది కిరిలీ. అరవలేదు. అరిచినా బాగుండేది. "అది నా కోసం కాదు నెరిడా. నీ కోసం."

నేనైతే నీ కోసం ఇన్నాళ్ళూ ఇంత చేసిందే అని నెరిడా తరఫున అరిచేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది. నెరిడా బండి పక్కకి తీసి ఆపింది.

"అవును. నిజమే," అంది. "తప్పు నాది."

క్షమించమని పీడించలేదు. తనకెంత బాధగా ఉందో చెప్పి, ఆమె చేతే ఓదార్పు చేయించుకోలేదు. కిరిలీ బండి దిగి మిగతా దారి నడిచి వెళ్ళింది. నెరిడా లైట్లు వేసి, ఆమె ఇంటి తలుపు మూసుకునేదాకా దూరంగా వెనకే నెమ్మదిగా నడిపింది.

కిరిలీ షెడ్డుకి రావడం మానేసింది. నెరిడా ఒకే ఒక్క మెసేజి పెట్టింది. "నేను ఇక్కడే ఉన్నాను. జవాబు రాయక్కర్లేదు." బుధవారం చెత్త డబ్బా వీధిలో పెట్టింది, తలుపు తట్టలేదు. ముర్రే చేతిలో పెద్ద పూలగుత్తితో షెడ్డుకొచ్చి ఏం చెయ్యమంటావని ఏడుపు మొహం పెట్టాడు. "పూలు నీకు హాయిగా ఉండటానికి తెచ్చావు. నీ తప్పు ఒక ముక్కలో రాసి పంపు, జోకు లేకుండా, జవాబు అడక్కుండా," అంది నెరిడా. వాడు మూడు రోజులు కుస్తీపడి ఆ ముక్క రాశాడు. పూలు నేను ఇంటికి పట్టుకుపోయాను.

తర్వాతి వారం కిరిలీయే నెరిడా ఇంటికొచ్చింది. గురువారమే. నేనక్కడ టీ తాగుతున్నాను. లేవబోతే తనే కూర్చోమంది.

"పోర్ట్ ఆగస్టాలో మా మేనత్త కూతురు ఉంది. అక్కడ ఆసుపత్రి వంటగదిలో పని దొరికింది. వెళ్ళిపోతున్నా."

నెరిడా చేతిలో కెటిల్ ఉంది. చెయ్యి ఆగింది. మొహం తెల్లబోయింది, నేను చూశాను. ఉండిపోవే అంటుందనుకున్నాను. తొందరపడకు, ఏడాది ఆగు, ఈ ఊరు నీది కాదా, ఇలాంటివి వంద ఉన్నాయి. అన్నీ నా నోట్లోనే తిరుగుతున్నాయి.

"ఎప్పుడు?" అంది నెరిడా.

"శనివారం."

"నా పికప్ బండి తెస్తాను. మంచం విప్పాలంటే పాన కావాలి, అదీ తెస్తాను. కుక్క సంగతి?"

"కోరీ ఉంచుకుంటానన్నాడు. ఫోన్లో మాట్లాడుకున్నాం. బాగానే మాట్లాడాడు."

నెరిడా తలూపి కప్పులో వేడినీళ్ళు పోసింది.

శనివారం సామానంతా ఎక్కించాం. ఏముంది గనక, ఒక మంచం, రెండు పెట్టెలు, కుండీలో నాటిన నిమ్మ అంటు. పెద్ద సామాను నెరిడా బండిలో, చిన్నది కిరిలీ కారులో. నెరిడా వెనక తాళ్ళు బిగించింది, బిగించినవే మళ్ళీ బిగించింది. టైర్లు చూసింది. దారిలో బంకు ఎక్కడుందో చెప్పింది, కిరిలీకి ఆ దారి తెలియనట్టు. మంచం రేపు నేనే తెచ్చి దింపుతానంది. కిరిలీ కారెక్కి ఇంజన్ వేసింది. అద్దం దించింది. నెరిడా నవ్వు మొహం పెట్టుకుని, రెండు చేతులూ జేబుల్లో దూర్చి నిలబడింది.

"నెరిడా, నువ్వెలా ఉన్నావు?" అంది కిరిలీ.

ఇన్నాళ్ళలో ఆ మాట నెరిడాని ఎవరూ అడగలేదు. తమ్ముడు అడగలేదు, షెడ్డు అడగలేదు, రోజూ పక్కనే టీ తాగే నేను అడగలేదు. తమ్ముడి కాపురం పోతే అక్కకి కూడా ఏదో పోతుందని మాకెవరికీ తోచలేదు.

"బాగా..." అని మొదలుపెట్టింది నెరిడా. జేబుల్లోంచి చేతులు తీసింది. "బాగాలేదు కిరీ. నువ్వెళ్తుంటే నాకేం బాగాలేదు."

కిరిలీ, వెళ్ళి వస్తుంటాను అనలేదు. పోర్ట్ ఆగస్టా ఎంత దూరం అనలేదు. ఏడవకు అనలేదు. చెయ్యి చాపి ఇంజన్ ఆపేసింది. దిగి వచ్చి నెరిడా పక్కన రోడ్డు అంచున కూర్చుంది.

నేను కుక్కని తీసుకుని లోపలికెళ్ళిపోయాను. టీ పెట్టాను, వాళ్ళని పిలవలేదు. కిటికీలోంచి చూస్తే నెరిడా మాట్లాడుతోంది, కిరిలీ వింటోంది.